ఫ్లెమింగోల కోసం సంక్రాంతికే వెళ్లాలా?

ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది: "సైబీరియా నుంచి ఏటా అక్టోబరులో తప్పకుండా వచ్చే ఫ్లెమింగోలను చూడాలంటే నేలపట్టు వెళ్లండి. అక్కడి చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని చేసుకొని వెళ్లిపోతాయి. ఫ్లెమింగో పండుగ జరిగే రోజుల్లో అన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. సంక్రాంతి సెలవులకే ప్రయాణం పెట్టుకోండి. అందరికీ పంపండి."

ముందు చెట్ల సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మిగతా గందరగోళమంతా అక్కడే మొదలైంది. ఫ్లెమింగో చెట్టెక్కే పక్షి కాదు. ఉప్పునీటి మడుగుల్లో, బురద నేల మీద, ముక్కుతో బురదను పోగేసి చిన్న దిబ్బ కట్టి, దాని మీది గుంటలో ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. మన దేశంలో అవి అలా పెద్ద ఎత్తున పిల్లల్ని చేసే చోటు గుజరాత్‌లోని కచ్ రణ్. పులికాట్ సరస్సుకు అవి వచ్చేది తిండికి మాత్రమే.

నేలపట్టు చెట్ల మీద గూళ్లు కట్టేవి గూడబాతులు, అంటే పెలికాన్లు. వాటితోపాటు నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు కూడా ఉంటాయి. నేలపట్టు ఒక మంచినీటి చెరువు. ఆ నీళ్లలో మొల దాకా మునిగి నిలబడే కడప చెట్లే వాటికి మంచాలు. 1976లో దీన్ని పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించింది గూడబాతుల వల్లే. ఫ్లెమింగోలు ఉండేది ఇక్కడికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, సూళ్లూరుపేట దాటాక శ్రీహరికోట రోడ్డుకు రెండు పక్కలా పరుచుకున్న పులికాట్ ఉప్పునీటిలో. రెండు చోట్లను ఒకే పేరు కింద కలిపేసినందువల్ల, నేలపట్టు కావలి గోపురం ఎక్కి "గులాబీ పక్షులేవి?" అని అడిగే వాళ్లు ప్రతి ఏడూ తగులుతారు. నేనూ ఒకసారి అడిగినవాడినే.

ఇక సైబీరియా. ఫ్లెమింగోలు అక్కడి నుంచి వచ్చేవి కావు. తెలుగునాట ఏ చెరువు మీద పెద్ద పక్షి వాలినా దానికి సైబీరియా పౌరసత్వం ఇచ్చేస్తాం. తేలినీలాపురం కొంగలకూ ఇదే బిరుదు, వీరాపురం కొంగలకూ ఇదే. ఆ రెండు ఊళ్లలో కనిపించే ఎర్రకాళ్ల కొంగలు, మన గూడబాతులు దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులు. సైబీరియా మంచును అవి ఎన్నడూ చూడలేదు. ఒక ఎండిన చెరువు నుంచి నిండిన చెరువుకు, ఒక జిల్లా నుంచి మరో జిల్లాకు, మహా అయితే ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి తిరుగుతాయి. నిజంగా సైబీరియా పేరున్న కొంగ ఒకటి ఉండేది. అది శీతకాలానికి రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేది. 2002 తర్వాత అక్కడ కనిపించలేదు. దాని పేరు మాత్రం మిగిలి, దొరికిన పక్షికల్లా అతుక్కుపోయిందని నా అనుమానం.

ఉత్తరం నుంచి పులికాట్‌కు వచ్చే పక్షులు లేవని కాదు. సూదితోక బాతులు, పట్టెతల బాతులు, బురదలో పరుగులు తీసే చిన్న ఉల్లంకులు నిజంగానే సైబీరియా, మధ్య ఆసియాల నుంచి దిగుతాయి. అయితే జనం ఫోటోలు తీసుకునేది వాటిని కాదు.

పుట్టినిల్లు ఏదైతే మనకేమిటి, చూస్తే చాలదా అని అడగవచ్చు. సెలవు పెట్టుకునే వాడికి ఈ తేడాయే ముఖ్యం. దూరదేశం నుంచి వచ్చే బాతుకు అక్కడ పగలు పొట్టిగా మారడమే బయలుదేరే గంట. పగటి నిడివి ఏ ఏడైనా ఒకేలా మారుతుంది కాబట్టి ఆ పక్షుల రాకపోకలు క్యాలెండర్‌కు దగ్గరగా ఉంటాయి. గూడబాతుకూ ఫ్లెమింగోకూ గంట కొట్టేది నీళ్లు. ఎర్రకాళ్ల కొంగనే చూడండి. నైరుతి వానలతో నిండే భరత్‌పూర్‌లో అది ఆగస్టు, సెప్టెంబరుల్లోనే గూడు మొదలుపెడుతుంది. ఈశాన్య వానల కోసం ఎదురుచూసే దక్షిణాదిలో అదే పక్షి అక్టోబరు తర్వాతే మొదలుపెడుతుంది. పక్షి ఒకటే, దాని తేదీని నిర్ణయించేది మాత్రం ఆ ఊరి వాన. అందుకే "ఏటా తప్పకుండా" అన్న మాట బాతులకు కొంతవరకు చెల్లుతుందేమో గానీ ఈ రెండింటికీ చెల్లదు.

ఇందులోనే ఒక చిక్కుంది, సందేశం రాసిన వారికి అందనిదీ ఇదే. గూడబాతుకు నిండిన చెరువు కావాలి. చెట్టు మొదలు నీళ్లలో ఉంటేనే నక్కలు, అడవి పిల్లులు గూటి దాకా రాలేవు. పిల్లలకు చేపలు దొరకాలన్నా చుట్టుపక్కల చెరువులన్నీ నిండాలి. వాన తప్పిన ఏడు గూళ్లు నామమాత్రంగా ఉంటాయి. ఫ్లెమింగో సంగతి దాదాపు దీనికి తలకిందులు, అక్షరాలా కూడా. అది తలను తలకిందులుగా నీళ్లలో పెట్టి, నాలుకతో బురదనీటిని లోపలికీ బయటికీ తోడుతూ, ముక్కు అంచుల్లోని దువ్వెన పళ్లలాంటి జల్లెడలో నాచు, చిన్న రొయ్యపురుగులు, లార్వాలు పట్టుకుంటుంది. అడుగు బురద దాకా ముక్కు చేరాలి కదా. నీళ్లు దాని కాళ్ల కంటే లోతుగా ఉంటే ఈదగలదు గానీ మేయడం కష్టం. కాబట్టి నేలపట్టుకు ఎంత నీరుంటే అంత మంచిది, పులికాట్‌లో మాత్రం ఆ నీరు కొంత దిగాలి. రెండింటినీ నింపేది ఒకే వాన. ఒకచోట వైభవం మొదలైనప్పుడు రెండోచోట ఇంకా వేచి ఉండాలి.

మొదటిసారి నేను వెళ్లినప్పుడు ఈ లెక్క తెలియదు. ఆ ఏడు డిసెంబరులో వానలు ఆలస్యంగా, గట్టిగా పడ్డాయి. సంక్రాంతి మరునాడు శ్రీహరికోట రోడ్డు మీద నిలబడితే రెండు పక్కలా సముద్రంలాంటి నీళ్లు. దూరాన, దిగంతం దగ్గర, సున్నంతో గీసినట్టు ఒక తెల్లని గీత. అవే ఫ్లెమింగోలని పక్కనున్న ఆయన చెబితే నమ్మలేదు. ఆ ఏడే ఫిబ్రవరి మూడో వారంలో మళ్లీ వెళ్లాను. నీరు వెనక్కి తగ్గి రోడ్డు పక్కన బురద తేలింది. గుంపు మామూలు కళ్లకే ఆనేంత దగ్గరలో మేస్తోంది. అప్పుడు తెలిసిన ఇంకో సంగతి, నిలబడ్డప్పుడు ఈ పక్షి దాదాపు తెల్లగానే ఉంటుంది. రెక్క విప్పితేనే ఆ ఎరుపు, అంచున నలుపు బయటపడతాయి. పిల్లవైతే బూడిద రంగులో ఉంటాయి. సందేశంతో పాటు తిరిగే నిండు గులాబీ గుంపు ఫోటో మన పులికాట్‌ది కాకపోవచ్చు, లేదా రంగు గట్టిగా పట్టించినదై ఉండవచ్చు.

పండుగ తేదీల మాటకొస్తే, 2001లో మొదలైన ఆ ఉత్సవాన్ని సాధారణంగా జనవరిలో జరుపుతారు. 2020 తర్వాత ఆగిపోయి 2025 జనవరిలో మళ్లీ జరిగింది. సెలవులు, జనం రాక, ఏర్పాట్లు చూసుకొని ముందుగా నిర్ణయించే తేదీలవి. పులికాట్‌లో నీరు మోకాలి లోతుకు దిగిందో లేదో చూసి పెట్టేవి కావు. పండుగను తీసిపారేయడం లేదు. సొంత వాహనం లేని కుటుంబానికి ఆ రోజుల్లో నడిపే బస్సులు, దారి చూపే మనుషులు పెద్ద సాయం. గూడబాతు పిల్లలను చూడటానికి జనవరి మంచి నెల కూడా. కానీ జనం కిక్కిరిసినప్పుడు ఫ్లెమింగోలు రోడ్డుకు ఇంకా దూరం జరుగుతాయి.

మరి ఎప్పుడు వెళ్లాలి? ఒక మంచి వాన పడిన ఏడు తీసుకొని లెక్క వేద్దాం. అక్టోబరు మధ్యలో వానలు అందుకొని, నెలాఖరుకు నేలపట్టు చెరువు నిండిందనుకోండి. నవంబరు మొదటి వారంలో గూళ్లు, గుడ్లు. గూడబాతు గుడ్డు పొదగడానికి 30 రోజుల పైచిలుకు. అంటే డిసెంబరు రెండో వారానికి పిల్లలు. అవి గూడు వదలడానికి మూడు నెలలకు పైగా పడుతుంది. జనవరి చివరికి తెల్లని నూగుతో, తల్లి గొంతు సంచిలో తలదూర్చి చేపలు లాక్కునేంత పెద్దవవుతాయి. మార్చి సగం దాటాక చెట్లు ఖాళీ కావడం మొదలవుతుంది. ఇటు పులికాట్‌లో చివరి గట్టి వాన డిసెంబరు తొలివారంలో పడితే, జనవరి చివరి నుంచి అంచులు తేలతాయి. రెండూ కలిసొచ్చేది జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరి మూడో వారం వరకు. సంక్రాంతికి వెళ్తే నేలపట్టు దక్కుతుంది, పులికాట్ అదృష్టం మీద ఆధారపడుతుంది.

వానలు నెల ఆలస్యమైతే ఈ తేదీలన్నిటినీ ఒక నెల ఆలస్యంగా లెక్కేయండి. వానలే తప్పితే లెక్క తిరగబడుతుంది. నేలపట్టు మీద ఆశ వదులుకొని, పులికాట్‌కు డిసెంబరులోనే వెళ్లాలి. అప్పటికే నీరు పలచగా ఉంటుంది, సరస్సు ఉత్తర భాగం తొందరగా ఎండిపోతుంది. ఎండిన నేల మీద ఫ్లెమింగోకు పనిలేదు. నీరు నిలిచిన మడుగులుంటే మాత్రం కొన్ని వేసవిలోనూ ఆగిపోతాయి.

ఇంట్లో కూర్చొని నీటిమట్టం తెలుసుకోవడానికి నేను రెండు పనులు చేస్తాను. ఉపగ్రహ చిత్రాలు చూపే `Copernicus Browser` వెబ్‌సైట్ తెరిచి సూళ్లూరుపేట, శ్రీహరికోటల మధ్య రోడ్డును వెతుకుతాను. Sentinel-2 చిత్రాలు అయిదు రోజులకొకసారి ఉచితంగా దొరుకుతాయి, మబ్బు లేకపోతే చాలు. రోడ్డుకు రెండు పక్కలా ముదురు రంగు నీరు అంచు దాకా ఉంటే ఆగుతాను. లేత బురద రంగు పట్టీలు కనిపిస్తే టికెట్ తీసుకుంటాను. ఆ చిత్రాల్లో పక్షులు కనిపించవు, నీరు మాత్రమే తెలుస్తుంది. పక్షుల కోసం, తాము చూసిన పక్షులను జనం నమోదు చేసే eBird లో గత రెండు వారాల నమోదులు చూస్తాను. నేలపట్టు, పులికాట్‌లకు వేర్వేరుగా చూడాలి.

వెళ్లే రోజు రాకెట్ ప్రయోగం లేదని కూడా సరిచూసుకోండి, ఆ రోజుల్లో ఆ రోడ్డు మీద ఆంక్షలుంటాయి. తెల్లవారుజామున సూళ్లూరుపేటలో బయలుదేరి ముందు పులికాట్ వైపు పోవాలి. పది దాటితే వేడెక్కిన బురద మీద గాలి అలలు అలలుగా వణుకుతుంది. అప్పుడు ఎంత మంచి బైనాక్యులర్స్ పెట్టినా పక్షి బదులు ఎండమావే కనిపిస్తుంది. చెట్ల నీడలో ఉండే నేలపట్టును మధ్యాహ్నం తర్వాత, గూడబాతులు మేతకు పోయి తిరిగొచ్చే వేళకు ఉంచుకోవచ్చు.