ఒక్క ముక్క తగ్గింది

మా బావకు కడప వై.వి. స్ట్రీట్‌లో బట్టల షాపు ఉంది. బామ్మర్దిని కాబట్టి అక్కడ నాకు జీతం లేదు, పని మాత్రం ఉంటుంది. ఫోన్‌లో తెలుగు టైపు చేయడం వచ్చన్న పాపానికి గూగుల్‌లో షాపు పేరు కొడితే వచ్చే పేజీ మొత్తం నా నెత్తిన పడింది. టైమింగులు, ఫోటోలు, "పార్కింగ్ లేదు" అని ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లకు మర్యాదగా జవాబులు, అన్నీ నేనే.

2025లో ఉగాది మార్చి 30, ఆదివారం పడింది. ఆ సాయంత్రం నెలవంక కనిపిస్తే మర్నాడే రంజాన్. కడపలో బట్టల వ్యాపారికి ఇంతకంటే ఏం కావాలి? ఉగాది రోజు దేవుని కడప వేంకటేశ్వర స్వామి గుడికి ముస్లిం కుటుంబాలు కూడా వస్తాయి. బీబీ నాంచారి వాళ్ల ఆడపడుచు, స్వామి అల్లుడు. అల్లుడింటికి పండగపూట ఉత్త చేతులతో ఎవరు పోతారు? అందుకే కొబ్బరికాయలు, పూలు పట్టుకుని పొద్దున్నే వస్తారు. దర్శనం అయినవాళ్లు పొద్దున, చాంద్ రాత్ బజారుకు వచ్చేవాళ్లు అర్ధరాత్రి, ఇద్దరూ ఒకే రోజు. బావ లెక్క వేసుకున్నాడు. ఉదయం 6 నుంచి రాత్రి 1 దాకా షాపు తెరిచి ఉంచాలి. మామూలుగా అయితే ఆదివారం మాకు సెలవు. ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి, మేం మర్చిపోయాం.

గురువారం రాత్రి గల్లాపెట్టె దగ్గర కూర్చుని పోస్టు రాయడం మొదలుపెట్టాం. గూగుల్‌లో మామూలు కబురుకు ఒక రకం పోస్టు, ఆఫర్‌కు ఇంకో రకం. ఆఫర్ అంటే పైన ఒక శీర్షిక, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అన్న తేదీలు తప్పనిసరి. కింద వివరాలు రాసుకోవడానికి 1500 అక్షరాల దాకా చోటు, అది ధారాళమే. శీర్షికకు మాత్రం 58.

బావ ఆటోలో మైకు పెట్టి ఊరంతా చెప్పించే కాలం మనిషి. కళ్లు మూసుకుని డిక్టేట్ చేశాడు: "ఉగాది, రంజాన్ పండుగల సందర్భంగా చీర కొంటే జాకెట్టు ముక్క ఉచితం."

"పట్టదు బావా, 61 ఉన్నాయి."

"అరవై యాడివిరా?" అని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. ఉ, గా, ది, రం, జా, న్... మొత్తం 26 వచ్చాయి. "ఇంకా సగం మిగిలింది కదప్పా! నీ ఫోన్‌కు ఒంట్లు రావు."

ఆయన లెక్క ఆయన కళ్లకు సరే. మనకు "ముక్క" రెండక్షరాలు. ఫోన్‌కు మాత్రం ఐదు: మ, దాని ఉకారం, క, పొల్లు, మళ్లీ క. గుణింతం, సున్నా, పొల్లు, ఒత్తుగా కిందికి దిగే హల్లు, దేనికి దానికే టికెట్ కొట్టాలి. సందర్భంగా అనే మాట ఒక్కటే తొమ్మిది సీట్లు తింటుంది. మాటల మధ్య ఖాళీలు ఎనిమిది, ఒక కామా, వాటికీ టికెట్టే. ఇంగ్లీషువాడికి 58 అంటే ఒక మోస్తరు వాక్యం, మనకు ఒత్తులున్న మాటలు ఐదారు పడితే బస్సు నిండినట్టే.

"సరేలే, మిగిలింది నరికెయ్."

"58 దగ్గర నరికితే 'ఉచ' దగ్గర ఆగుతుంది."

బావ ఒక్క క్షణం ఆ మాటను మనసులో చదువుకున్నాడు. "వద్దొద్దు. పండగ పూట పరువు పోతాది."

మూడక్షరాలు తగ్గించాలి. పండగల పేర్లు తీయడానికి వీల్లేదు, ఏది తీసినా ఒక వర్గం కస్టమర్లు అలుగుతారు. "ఉచితం" తీస్తే ఆఫరే లేదు. "సందర్భంగా" అన్న మాట లేకపోతే వ్రాతలో గౌరవం ఉండదని బావ పట్టు. నేనేమో రాత్రి పదింటికి ఆకలి మీద ఉన్నాను. "ముక్క" తీసేశాను. ఖాళీతో కలిపి ఆరు తగ్గి 55కు దిగింది. ఇంకా మూడు మిగిలాయని, నేనేదో పొదుపు చేసినట్టు, చెప్పుకున్నాను కూడా.

వివరాల్లో బావ షాపు నంబరు రెండుసార్లు రాయించాడు. పోస్టు తిరస్కరించినట్టు వచ్చింది. పోస్టులో ఫోన్ నంబర్లు రాస్తే గూగుల్ ఒప్పుకోదు, కాల్ చేయడానికి పేజీలో వేరే బటన్ ఉందిగా. నంబర్లు తీసేస్తే ఒప్పుకుంది. షరతులు రాసుకోవడానికి విడిగా ఒక గడి ఉంది. "కుట్టు కూలి అదనం" లాంటివి రాయాల్సింది అక్కడే. "షరతులు వర్తిస్తాయి అంటే జనం బెదురుతారు, వదిలెయ్" అన్నాడు బావ. వదిలేశాను. సమయాలు మాత్రం వివరాల మొదటి లైనులోనే పెట్టాం: ఆదివారం ఉదయం 6 నుంచి రాత్రి 1 వరకు.

శుక్ర, శనివారాలు పాత కస్టమర్లే ఎక్కువ, వాళ్లు ఫోన్ చూసి వచ్చేవాళ్లు కాదు. పండగ రోజు తెల్లవారుజామున మామిడాకులు కట్టి, షట్టరు ఎత్తి, అక్క పంపిన ఉగాది పచ్చడి తలా ఇంత తిని కూర్చున్నాం. ఆరున్నర, ఏడు, ఎనిమిది. వీధిలో జనం పోతున్నారు, మా మెట్టు ఎక్కేవాళ్లు లేరు. బావ పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైందన్నట్టు మొహం పెట్టాడు.

ఎనిమిదిన్నరకు ఒకావిడ ఫోన్ చేసింది. "ఏమన్నా, ఆఫర్ ఈ రోజు దాకే అని రాసినారు, ఈ రోజేమో మూసేసినారు. మమ్మల్నేమన్నా ఆటపట్టిస్తున్నారా?"

షాపు పేరు కొట్టి చూశాను. పేరు కిందనే ఎర్రగా Closed. దాని కింద, వేలుతో జరిపితే గానీ కనపడని చోట, మా పోస్టు: ఉదయం 6 నుంచి తెరిచి ఉంటుందహో!

అప్పుడు వెలిగింది. పోస్టులో ఏం రాసినా అది ఉత్త రాతే. గూగుల్ దాన్ని చదివి షాపు గడియారం మార్చుకోదు. "తెరిచి ఉంది, మూసి ఉంది" అని చూపించేది పని వేళల పట్టిక. అందులో మా ఆదివారం సెలవు. పండగకు దాన్ని మార్చాలంటే Edit profile లోకి పోయి, Hours దగ్గర, రోజువారీ వేళల జోలికి పోకుండా, Special hours లో ఆ ఒక్క తేదీకి వేరే వేళలు ఇవ్వాలి. అలా చేస్తే ఆ రోజు దాటగానే పాత వేళలు వాటంతటవే వచ్చేస్తాయి. రోజువారీ వేళలే మార్చేస్తే మాత్రం మళ్లీ ఆదివారం మనం ఇంట్లో నిద్రపోతుంటే గూగుల్ "తెరిచి ఉంది" అని జనాన్ని షట్టరు ముందుకు పంపిస్తుంది.

కంగారులో నేనే పెట్టాను. మార్చి 30, తెరిచేది ఉదయం 6, మూసేది 1. సేవ్ కొట్టాక చూస్తే మూసేది 1:00 PM. అంటే చాంద్ రాత్ బజారు మొదలవకముందే మమ్మల్ని మూసేశాను. మళ్లీ లోపలికి పోయి 1:00 AM చేశాను. "రాత్రి ఒంటిగంట అంటే 31వ తేదీ కదరా, ఆ తేదీకి ఇంకో లైను వెయ్" అన్నాడు బావ. అక్కర్లేదు. 30వ తేదీ లైనులోనే ముగింపు 1:00 AM అంటే, అది ఆ రాత్రి దాటిన ఒంటిగంట అని గూగుల్‌కు అర్థమవుతుంది. ఎన్నిసార్లు చెప్పినా బావ నమ్మలేదు. కాసేపటికి Closed పోయి ఆకుపచ్చ రంగు వచ్చాక నమ్మాడు.

పది దాటాక జనం మొదలయ్యారు. మొదట వచ్చినావిడ చీర తీసుకుంది, బిల్లు కట్టింది, చేతిసంచీలోంచి ఒక పాత ఆకుపచ్చ జాకెట్టు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదేందమ్మా?" అన్నాడు బావ.

"ఆది జాకెట్టు. చేతులు ఒక అంగుళం పొడుగు పెట్టమనండి."

బావ నవ్వుతూ రేకు డబ్బాలోంచి మడత పెట్టిన గుడ్డ ముక్క తీసిచ్చాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఫోన్ తీసి స్క్రీన్‌షాట్ చూపించింది. "చీర కొంటే జాకెట్టు ఉచితం. ముక్క అని ఉందా? చదవండి."

బావ చదివాడు. తర్వాత నావైపు చూశాడు. నేను చీరలు సర్దుతున్నాను.

ఆవిడ వెనక ఇంకో ఆవిడ, ఆవిడ సంచీలోనూ ఆది జాకెట్టే. మూడో ఆవిడ "లైనింగు కూడా మీదేనా?" అని అడిగింది. దర్శనం చేసుకుని వచ్చిన ఒక పెద్దామె, నుదుట బొట్టు లేదు గానీ కొంగులో ప్రసాదం ఉంది, "మా కోడలు జాకెట్టు తొడగదు బాబూ, దాని బదులు దుపట్టా ఇస్తారా?" అంది. అది న్యాయమైన ప్రశ్న. అలాంటివాటికే షరతుల గడి.

నేను గబగబా పోస్టు ఎడిట్ చేశాను. ఎడిట్ చేయడానికి వీలుంది, కానీ అప్పటికే స్క్రీన్‌షాట్లు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. వాటిని ఎవడు ఎడిట్ చేస్తాడు? మధ్యాహ్నానికి బల్ల మీద పదకొండు ఆది జాకెట్లు. బావ పక్క సందులో టైలర్ దగ్గరకు పోయి, పండగ పూట కాళ్లావేళ్లా పడి, పండగ అయ్యాక కుట్టేట్టు బేరం కుదుర్చుకొచ్చాడు. సగం కూలి షాపుది, సగం కస్టమరుది. లైనింగు ఎవరి లైనింగు వాళ్లదే.

సాయంత్రం నెలవంక కనిపించింది. వీధి కిక్కిరిసిపోయింది, ఒంటిగంట దాకా ఊపిరాడలేదు. అయినా బావ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మీటరు కర్ర తెమ్మన్నా కుర్రాడికే చెప్పాడు.

షట్టరు దించి ఇంటికి పోతే అక్క అన్నం పెట్టి, మొత్తం విని, పోస్టు చూపించమంది. చూసి, కాసేపు పెదవులు కదిపింది.

"పండుగల సందర్భంగా ఎందుకురా? 'పండుగలకు' అంటే సరిపోదూ? ముక్క కూడా పట్టేది."

లెక్కపెట్టాను. 53. ముక్కతో కలిపి.

బావ కంచంలోంచి తల ఎత్తలేదు. అక్క లోపలికి పోయి బీరువా తెరిచిన చప్పుడైంది. వచ్చి తన ఆది జాకెట్టు ఒకటి బావ పక్కన పెట్టింది. "నిన్న నేను తీసుకున్న చీరకూ బిల్లు ఉంది."