కాలిన చేతికి పేస్టు, జారిన బాణలికి వంటమాస్టరు మీద నింద: ఆ మెసేజ్‌లో ఒక్కటీ నిజం కాదు

"నూనె పడి కాలితే నీళ్లు అస్సలు పోయకండి, బొబ్బలెక్కుతాయి. వెంటనే టూత్‌పేస్టు గానీ గుడ్డు తెల్లసొన గానీ పట్టించండి, పది నిమిషాల్లో మంట మాయం. బొబ్బ వస్తే సూదితో పొడిచి నీరు తీసేయండి. అయినా వంటవాళ్లు చూసుకుని పని చేస్తే నూనె ఎందుకు పడుతుంది? నలుగురికీ పంపండి."

ఈ మెసేజ్ నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది. నేను ఒక కాలేజీ హాస్టల్ క్యాంటీన్‌లో వంటగది చూసుకుంటాను. పోయిన ఏడాది మా వంటమాస్టరు పూరీలు వేస్తుండగా బాణలి ఒరిగి, ఎడమ చేతి మీద మోచేతి కింద నుంచి వేళ్ల దాకా నూనె పడింది. ఆ రోజు మేం ఏం చేశామో, ఏం చేయలేకపోయామో చెబితే ఈ మెసేజ్‌కి జవాబు అందులోనే ఉంటుంది.

ముందు నీళ్ల సంగతి. ఆయన్ని ట్యాప్ దగ్గరికి లాక్కెళుతుంటే మాస్టరే "నీళ్లొద్దు సార్, బొబ్బలొస్తాయి" అని చెయ్యి వెనక్కి లాక్కున్నారు. ఈ భయం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. బాణలిలో నూనెకి మంట అంటుకున్నప్పుడు నీళ్లు పోయకూడదు. నీరు నూనె అడుగుకి దిగి ఒక్కసారిగా ఆవిరై, మండే నూనెని పైకి ఎగజిమ్ముతుంది. అప్పుడు గ్యాస్ కట్టేసి మూత పెట్టాలి. అది పొయ్యి మీది నూనె మాట. ఒంటి మీద పడిన నూనెకి ఆ నియమం వర్తించదు.

పూరీ నూనె 180 డిగ్రీల దాకా ఉంటుంది. అరవై డిగ్రీల నీళ్లకే కొన్ని సెకన్లలో చర్మం లోతుగా కాలిపోతుంది. పైగా నూనె నీళ్లలా జారిపోదు, చర్మాన్ని పట్టుకుని ఉంటుంది. పైనుంచి తుడిచేసినా లోపలికి దిగిన వేడి ఇంకా కాలుస్తూనే ఉంటుంది. ఆ వేడిని బయటికి తీసేది పారే చల్లటి నీరే. రెండు చెంబులు పోస్తే సరిపోదు, ఇరవై నిమిషాలు ధార కింద ఉంచాలి. వెంటనే కుదరకపోయినా, కాలిన మూడు గంటల లోపు ఎప్పుడు పోసినా ఉపయోగమే. బొబ్బలు నీళ్ల వల్ల రావు, కాలడం వల్ల వస్తాయి. మే నెల మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లు సలసలా వస్తాయి కదా, అవి పనికిరావు, తాగే నీళ్ల క్యాన్ ఒంపండి. ఐసు మాత్రం పెట్టకండి, అసలే దెబ్బతిన్న చర్మానికి రక్తం అందకుండా చేస్తుంది.

నీళ్ల కింద చెయ్యి ఉండగానే మాస్టరు ఉంగరం, మణికట్టు తాడు తీసేయించాం. పది నిమిషాలు ఆగుంటే వాపుకి ఉంగరం వేలికి బిగిసిపోయేది. బట్ట చర్మానికి అతుక్కుని ఉంటే లాగకూడదు, చుట్టూ కత్తిరించి వదిలేయాలి.

అక్కడే మేం ఒక పొరపాటు చేశాం. అందరి కళ్లూ చేతి మీదే ఉన్నాయి. ఆయన కాన్వాసు బూట్లు వేసుకున్నారు. కుడి బూటులోకి కొద్దిగా నూనె దిగిందని ఎవరికీ తట్టలేదు. చేతి మంట ముందు కాలు సంగతి ఆయనకీ తెలియలేదు. ఆటోలో కూర్చున్నాక బూటు విప్పితే, సాక్సు నూనెతో తడిసి పాదం పైన రూపాయి బిళ్లంత మేర తెల్లగా పాలిపోయి ఉంది. ముట్టుకుంటే నొప్పి లేదన్నారు. చేతికి పడిన నూనెతో పోలిస్తే అది చాలా తక్కువ, కానీ ఆ కొద్దిపాటి నూనె సాక్సులో చిక్కుకుని అరగంట పైగా చర్మానికి అంటుకునే ఉంది. చెయ్యి మూడు వారాల్లో మానింది. పాదం మీద మచ్చకి రెండు నెలలకు పైగా కట్లు మార్చాల్సి వచ్చింది.

మెసేజ్‌లో రెండో మాటకి ఆ పాదమే జవాబు. మంట తగ్గిందంటే నయమైందని కాదు. లోతుగా కాలితే నరాల కొసలు కూడా కాలిపోతాయి, అందుకే నొప్పి తెలియదు. తెల్లగా, పొడిగా, నొప్పి లేకుండా ఉన్న చోటే డాక్టరుకి ముందు చూపించాలి. టూత్‌పేస్టు చల్లగా అనిపించేది అందులోని పుదీనా ఘాటు వల్ల, అది వేడిని లాగదు. పచ్చి గుడ్డు పుండులోకి క్రిముల్ని చేరుస్తుంది. పసుపు రాస్తే ఎంత లోతు కాలిందో రంగు చూసి చెప్పాల్సిన డాక్టరుకి ఏమీ కనపడదు. ఏది రాసినా ఆస్పత్రిలో ముందు దాన్ని గీకి కడగాలి, ఆ నొప్పి మీరు ఊహించుకోండి. మా హెల్పర్ కుర్రాడు పాపం పేస్టు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వాడి తప్పేం లేదు, వాళ్లింట్లో అదే నేర్పారు.

నీళ్లయ్యాక చేతికి ఏమీ రాయకుండా, పార్సిళ్లు కట్టే పల్చటి క్లింగ్ ఫిల్మ్‌ని మొదటి రెండు చుట్లు పారేసి, మిగతాది పరిచినట్టు కప్పాం. చుట్టూ బిగించలేదు, వాపు వస్తుంది కాబట్టి. అది లేకపోతే ఉతికిన నూలు బట్ట చాలు, దూది వద్దు, పీచు అతుక్కుంటుంది. కాలినవాళ్ల అరచేయి వేళ్లతో సహా ఒంట్లో దాదాపు ఒక శాతం. మాస్టరుకి రెండు అరచేతులంత కాలింది. చెయ్యి, పాదం, ముఖం, కీళ్లు, మర్మస్థానాలు కాలితే కొలతతో పని లేదు, ఎంత చిన్నదైనా ఆస్పత్రికే. ఒంట్లో పదో వంతు గానీ అంతకు మించి గానీ కాలితే 108కి ఫోన్ చేయాలి.

బొబ్బ గురించి ఒక్క మాటే. ఆ పొర, కింద ఉన్న చర్మానికి దేవుడిచ్చిన కట్టు. వంటింటి సూదితో పొడిస్తే క్రిములకి దారి తెరిచినట్టే. పెద్ద బొబ్బని తీయాలో వద్దో డాక్టరు చూసుకుంటారు. టీటీ ఇంజెక్షన్ సంగతి కూడా అక్కడే అడగండి.

ఇక నాకు కోపం తెప్పించిన చివరి మాట. మాస్టరు ఇరవై ఏళ్లుగా పూరీలు వేస్తున్నారు. ఆయన అజాగ్రత్తగా లేరు. పొయ్యి మీద బాణలి నిలిచే ఇనప స్టాండుకి మూడు కొమ్ములుంటే ఒకటి విరిగి, దాని కింద ఇటుక ముక్క పెట్టారు. వేడికి ఆ ఇటుక పగిలింది. గరిటెతో పూరీని ఒత్తగానే బాణలి అటు వైపు ఒరిగింది. అందులో నూనె సగానికి పైగా ఉంది, అంచుకి నాలుగు వేళ్లే ఖాళీ. పైగా అది నాలుగు రోజులుగా వాడుతున్న నూనె. నల్లబడి, పూరీ వేయగానే నురగ లేచి అంచుదాకా వస్తోంది. నూనె పదే పదే కాగి చెడేకొద్దీ అందులో పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే పారేయాలని ఆహార భద్రతా సంస్థ నియమం 2018 నుంచి ఉంది. దాన్ని మనం తినేవాళ్ల ఆరోగ్యం కోసమే అనుకుంటాం. అలా నురగెత్తే నూనె పొంగి వంటవాడి మీద కూడా పడుతుంది.

ఆ ఇటుక ముక్కని నేను ఇరవై రోజులు చూశాను. స్టాండు మార్చమని ఒకసారి చెప్పి ఊరుకున్నాను. ప్రమాద నివేదికలో కారణం అన్న చోట "వంటవాని అజాగ్రత్త" అని ముందే రాసి తెచ్చారు. నేను దాన్ని కొట్టేసి స్టాండు విరిగిన సంగతి రాసి, ఫొటో జతచేశాను. వైద్య ఖర్చు ఎవరు పెట్టాలన్నది ఆ ఒక్క లైను మీదే తేలింది.

స్టాండు మారింది. బాణలిలో నూనె సగానికి మించకుండా లోపలి వైపు ఉలితో గీత పెట్టించాం. ఇప్పుడు మాస్టరు పొయ్యి వెలిగించే ముందు ఖాళీ బాణలిని స్టాండు మీద పెట్టి, నాలుగు వైపులా చేత్తో నొక్కి చూస్తారు. కదిలితే ఆ పూట ఇడ్లీ.