పదమూడు బంతిలోనే ఉంది టీచర్!

ఇది జరిగి రెండు రోజులే అయింది, ఇంకా చెవులు వేడిగానే ఉన్నాయి, అందుకని ముందూ వెనకా చూడకుండా రాసేస్తున్నాను. మూడో తరగతి పిల్లలకి డబ్బు లెక్కలు నేర్పడానికి తరగతిలో కొట్టు పెట్టమని పైనుంచి ఒక కాగితం వచ్చింది. "వాస్తవ జీవిత అనుభవం ద్వారా" అని మొదలవుతుంది ఆ కాగితం. నలభై నిమిషాల పీరియడ్, ముప్ఫై మంది పిల్లలు, ఒక కొట్టు. రాసినాయన ఏనాడైనా ముప్ఫై మంది పిల్లల్ని ఒకే వరసలో నిలబెట్టి చూశాడో లేదో మీరే ఊహించుకోండి.

సరే, పెట్టాను. పెన్సిలు 6, రబ్బరు 3, స్కేలు 8, నోటుబుక్కు 12, బంతి 13. బంతి మా ఇంట్లోది, ఆ సంగతి తర్వాత. డబ్బులన్నీ అట్టతో కత్తిరించినవే. గల్లా పెట్టెలో ఒకటి బిళ్ళలు ఒక నలభై, అయిదు బిళ్ళలు ఒక అయిదు వేశాను, మొత్తం 65. పిల్లలకి తలా రెండు పది నోట్లు ఇచ్చి, "మీ దగ్గర ఉన్నది ఇరవయ్యే, ఏం కొనాలో ముందు కాగితం మీద రాసుకోండి" అన్నాను. దీన్నే బడ్జెట్ అంటారని కూడా చెప్పాను, ఎవరూ వినలేదు.

బడ్జెట్ భాగం గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకి పోతాను. ఒకడు నోటుబుక్కు, స్కేలు అని సరిగ్గా ఇరవైకి రాసుకుని, బల్ల మీద బంతి కనపడగానే కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచేశాడు. ఇంకో అమ్మాయి ఏమీ రాయలేదు. ఏమ్మా అంటే, "మా ఇంట్లో అన్నీ ఉన్నాయి టీచర్, ఇరవై దాచుకుంటా" అంది. పైనుంచి వచ్చిన కాగితంలో "కొన్న వస్తువులు" అని గడి ఉంది గానీ, దాచుకున్నదానికి గడి లేదు. నియమం ప్రకారం ఆ పిల్లకి మార్కులు సున్నా. తరగతి మొత్తంలో బడ్జెట్ అర్థమైంది ఆ ఒక్కదానికే అని నాకు గట్టి అనుమానం.

ఇక చిల్లర. మొదటి పిల్ల పెన్సిలు కొని పది నోటు ఇచ్చింది, కొట్టువాడుగా కూర్చున్న మా బుడ్డోడు నాలుగు బిళ్ళలు ఇచ్చాడు. బాగుంది. రెండోవాడు రబ్బరు కొన్నాడు, చిల్లర ఏడు రావాలి. కొట్టువాడు ఒక అయిదు బిళ్ళ, రెండు ఒకట్లు తీసి ఇచ్చాడు. నిజంగా ముచ్చటేసింది. కానీ కొన్నవాడు ఒప్పుకోడే! "నాకు ఏడు రావాలి, మూడే ఇచ్చాడు" అని గొడవ. బిళ్ళలు లెక్కపెడుతున్నాడు తప్ప, బిళ్ళ మీద ఏముందో చూడడం లేదు. ఈ వయసులో చాలామందికి ఇది మామూలే, చేతిలో ఎన్ని ముక్కలుంటే అంత డబ్బున్నట్టు. దీనికి మందు ముందురోజే చెయ్యాలి: అయిదు ఒకట్లు ఒక పక్కన, ఒక అయిదు ఇంకో పక్కన పెట్టి, ఇవి ఇచ్చి అది తీసుకో, అది ఇచ్చి ఇవి తీసుకో అని ఒక పూటంతా మార్పిడి ఆట ఆడించాలి. అది అయ్యాకే కొట్టు తెరవాలి. నాకా పూట దొరకలేదు, ఎందుకంటే ఆ పూట కూర్చుని అట్టలు కత్తిరిస్తున్నాను. నేను చేసిన పొరపాటు ఇంకొకటుంది. అట్ట సరిపోక అయిదు బిళ్ళల్ని ఒకటి బిళ్ళల కంటే చిన్నగా కత్తిరించాను. దాంతో వాడి అభిప్రాయం మరీ బలపడింది: "ఇది చిన్నది కూడా టీచర్!"

వరస పెరిగిపోతోంది, వెనక ఎవరో ఎవరినో గిల్లారు. నేను లొంగిపోయాను. "సరే, అందరికీ ఒకట్లే ఇవ్వు" అన్నాను. ఆ ఒక్క మాటే తర్వాత నా మెడకి చుట్టుకుంది.

అయిదుగురి బేరాలు అయ్యేసరికి ఇరవై నిమిషాలు గడిచాయి. కొట్టువాడు పోను మిగిలిన ఇరవై నలుగురూ ఖాళీ. నలుగురికో కొట్టు చొప్పున పెట్టుకుంటే అందరి చేతికీ డబ్బు వచ్చేదని నాకూ తెలుసు, కానీ కాగితంలో "కొట్టు" అని ఏకవచనంలో ఉంది, తనిఖీకి వచ్చేవాళ్ళు కాగితం పట్టుకునే వస్తారు. అనుకుంటుండగానే గుమ్మంలో హెడ్మాస్టరు గారు, ఆయన పక్కన తనిఖీ ఆఫీసరు గారు, ఆయన చేతిలో కాగితం.

ఆఫీసరు గారికి ఉత్సాహం ఎక్కువ. "నేనూ కొంటాను" అన్నారు. ఒక ఇరవై నోటు ఆయన చేతిలో పెట్టాను. పిల్లలందరూ చూస్తుండగా బంతి ఎంచుకున్నారు. పదమూడు. కొట్టువాడు బిళ్ళలు తియ్యబోతుంటే, వాడు తడబడతాడేమో, పరువు పోతుందేమో అని (ఎవరి పరువో ఇప్పుడు మీకు తెలుస్తుంది) నేనే ముందుకెళ్ళి, "పిల్లలూ, చిల్లర ఇవ్వడానికి తీసివేత అక్కర్లేదు, కొట్టువాళ్ళు ఎలా ఇస్తారో చూడండి, వస్తువు ధర దగ్గర మొదలుపెట్టి, ఇచ్చిన డబ్బు దాకా పైకి లెక్కపెడతాం" అన్నాను. ఇది నిజంగా మంచి పద్ధతే. ఇరవైలోంచి పదమూడు తియ్యాలంటే పిల్లలు సున్నాలోంచి మూడు పోదని అప్పు తెచ్చుకోవాలి. పైకి లెక్కపెడితే ఆ అప్పు బాధ లేదు. చిల్లర చేతిలో పడుతూనే లెక్క కూడా అయిపోతుంది.

ఇప్పుడు నేను చేసింది వినండి. గొంతు సవరించుకున్నాను. మొదటి బిళ్ళ పైకెత్తి అందరికీ చూపించి, ఆఫీసరు గారి అరచేతిలో పెడుతూ, కచేరీ మొదలుపెట్టేవాళ్ళలాగా దీర్ఘం తీసి "పదమూ... డు" అన్నాను. రెండో బిళ్ళ, "పధ్నాలుగు". మూడోది, "పదిహేను". పిల్లలు కూడా గొంతు కలిపారు. ఆయన తలాడిస్తూ తాళం వేస్తున్నారు. పంతొమ్మిది దగ్గర నేను చిన్న విరామం కూడా ఇచ్చాను, రక్తి కోసం. "ఇరవై!" బిళ్ళ పడింది. చప్పట్లు. హెడ్మాస్టరు గారు నాకేసి చూసి కళ్ళతోనే మెచ్చుకున్నారు. ఈ ఉద్యోగంలో ఆయన నన్ను కళ్ళతో మెచ్చుకోవడం అదే మొదటిసారి, ఆ ఆనందం బహుశా మూడు సెకన్లు ఉండి ఉంటుంది.

"టీచర్, ఎనిమిదిచ్చారు" అన్నాడు కొట్టువాడు.

"కాదు నాన్నా, ఇరవై దాకా వచ్చాం కదా" అన్నాను.

"ఎనిమిదున్నాయి టీచర్, ఏడే ఇవ్వాలి."

ఆఫీసరు గారు అరచెయ్యి చాపి అలాగే నిలబడ్డారు. నేను నవ్వి, బిళ్ళలన్నీ వెనక్కి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టాను. తెలివైనవాళ్ళైతే రెండోసారి పద్ధతి మారుస్తారు. నేను శ్రుతి మార్చాను. పదమూడు, పధ్నాలుగు... ఈసారి పిల్లలు గొంతు కలపలేదు, బిళ్ళలకేసి చూస్తున్నారు. మళ్ళీ ఇరవై వచ్చింది, మళ్ళీ ఎనిమిదే ఉన్నాయి. వెనక బెంచీలోంచి ఎవరో వేళ్ళు మడిచి తీసివేత చేసి "ఏడే" అని ధ్రువీకరించారు. నేను అట్టముక్కల్ని అనుమానించాను, రెండు అంటుకున్నాయేమో అని ఒక బిళ్ళని గోటితో గీరి చూశాను. ముప్ఫై మంది పిల్లలు, ఇద్దరు పెద్దమనుషుల ముందు నేను నా అట్టముక్కని గీరుతున్నాను. ఇలా మూడోసారి కూడా లెక్కపెట్టేదాన్నే, హెడ్మాస్టరు గారి కళ్ళు ఈసారి వేరే రకంగా చూశాయి కాబట్టి ఆగాను.

కొట్టువాడు లేచి, ఆఫీసరు గారి రెండో చేతిలో ఉన్న బంతి మీద దబ్బున చెయ్యి వేసి, "పదమూడు దీంట్లోనే ఉంది టీచర్" అన్నాడు. తర్వాత మొదటి బిళ్ళ మీద వేలు పెట్టి, "ఇది పధ్నాలుగు".

అంతే. మనకి చిన్నప్పటినుంచీ మొదటి వస్తువు మీద వేలు పెట్టగానే అంకె చెప్పడం అలవాటు, ఒకటి దగ్గర మొదలైతే అది సరే. మధ్యలోంచి పైకి లెక్కపెట్టేటప్పుడు మాత్రం మొదటి అంకె బిళ్ళది కాదు, వస్తువుది. పదమూడు అనాల్సింది బంతి మీద చెయ్యి పెట్టి. ఆ తర్వాత బిళ్ళ పడ్డప్పుడు పధ్నాలుగు. పిల్లలు ఈ తప్పు చేస్తే పట్టుకోవడం తేలిక, చిల్లర ఎప్పుడూ సరిగ్గా ఒక్కటే ఎక్కువొస్తుంది. పెద్దవాళ్ళు చేస్తే చప్పట్లొస్తాయి. అసలు ఒకట్లే ఇస్తానని మాటివ్వకుండా ఉంటే, రెండు ఒకట్లు పెట్టి పదిహేను, ఒక అయిదు పెట్టి ఇరవై, మూడు ముక్కల్లో అయిపోయేది, ఇన్ని బిళ్ళల ఊరేగింపే ఉండేది కాదు.

వాడికి నా మీద ప్రేమో, గణితం మీద ప్రేమో ఉందని నేననుకోవడం లేదు. "గల్లాలో తగ్గితే నన్నే కదా అడుగుతారు" అని వాడే చెప్పాడు.

ఆఫీసరు గారు పెద్దగా నవ్వి, కాగితం మీద ఏదో రాసుకుని, బిళ్ళలు చొక్కా జేబులో వేసుకుని, ఎవరిదో ఫోను రావడంతో మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. బంతితో సహా. హెడ్మాస్టరు గారు వెంట పరిగెత్తారు, బంతి కోసం కాదు.

గంట కొట్టేలోపు గల్లా లెక్క చూశాం. మొదట్లో 65. అమ్మినవి పెన్సిలు 6, రబ్బరు 3, స్కేలు 8, నోటుబుక్కు 12, పెన్సిలూ రబ్బరూ కలిపి కొన్నవాడిది 9, బంతి 13, వెరసి 51. ఉండాల్సింది 116. ఉన్నది 115. నేను "పోనీలే నాన్నా, ఒక్కటే కదా" అన్నాను. కొట్టువాడు నాకేసి చూసిన చూపు హెడ్మాస్టరు గారి చూపు కంటే కష్టంగా ఉంది. వెళ్ళి బోర్డు మీద ఒక మూల పెద్ద అక్షరాలతో "సారు బాకీ 1" అని రాశాడు.

రెండు రోజులుగా ఎవర్నీ తుడవనివ్వడం లేదు. ఇంట్లో బంతేదని అడుగుతున్నారు. రేపు తనిఖీ రిపోర్టు మీద సంతకానికి ఆఫీసరు గారు మళ్ళీ వస్తున్నారని ఇప్పుడే కబురొచ్చింది.