నోట్‌బుక్స్ లోడు ముందే దిగింది, థాంక్స్ మెయిల్‌లో ఏం రాయాలి?

ఖమ్మంలో స్టేషనరీ హోల్‌సేల్ షాపు ఒకటి ఉందనుకుందాం. జూన్‌లో బడులు తెరిచేలోపు 200 పేజీల లాంగ్ నోట్‌బుక్స్ 20,000 కావాలని విజయవాడలోని ఒక చిన్న తయారీ యూనిట్‌కు ఆర్డర్ ఇచ్చారు. మే 25కి ఇస్తామన్న సరుకు మే 14నే దిగింది. సీజన్‌లో ఇది అరుదు. ఓనర్ సంతోషంగా ఫోన్ తీసి "చాలా థాంక్స్ అండీ, సరుకు బ్రహ్మాండంగా ఉంది, వచ్చే ఏడు కూడా మాకే ముందు ఇవ్వాలి" అని మెసేజ్ కొట్టేస్తారు. అవతలి నుంచి రెండు దండాలు వస్తాయి. అంతటితో ఆ సంగతి ముగిసిపోతుంది.

ఆ మెసేజ్ మర్యాదగానే ఉంది. కానీ వచ్చే ఏడాది మార్చిలో ఆ యూనిట్ వాళ్లు ఎవరి పుస్తకాలు ముందు మెషీన్ ఎక్కించాలో చూసుకునే రోజున ఇది ఎవరికీ గుర్తుండదు. పైగా "బ్రహ్మాండంగా ఉంది" అనేది కట్టలు విప్పకముందే రాసిన మాట. నా ఉద్దేశంలో మొదటి పొరపాటు అక్కడే జరుగుతుంది.

సరుకు ముందే రావడానికి కారణాలు చాలా ఉంటాయి. వేరే వాళ్ల ఆర్డర్ వాయిదా పడి మెషీన్ ఖాళీ అయి ఉండొచ్చు. పేపర్ రీళ్లు ముందే దొరికి ఉండొచ్చు. మనుషులను పెట్టి ఆదివారం కూడా నడిపించి ఉండొచ్చు. అనుకున్న కాగితం అందక, చేతిలో ఉన్న పలచటి కాగితంతో పని కానిచ్చేసి ఉండే అవకాశమూ లేకపోలేదు. చివరిదాన్ని కనిపెట్టడం కష్టమేమీ కాదు. 33 సెంటీమీటర్ల పొడవు, 21 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పుస్తకంలో 57 జీఎస్ఎం కాగితం, అంటే చదరపు మీటరుకు 57 గ్రాములు తూగే కాగితం, 100 ఆకులుంటే, అట్ట కాకుండా దాదాపు 395 గ్రాములు తూగాలి. కాగితం 52 జీఎస్ఎం అయితే ఒక్కో పుస్తకానికి 35 గ్రాములు తగ్గుతుంది. వేర్వేరు కట్టల నుంచి పది పుస్తకాలు తీసి, ముందు ఆకులు లెక్కపెట్టి, తర్వాత కిరాణా కాటా మీద పెడితే చాలు. ఒక పేజీ మీద ఇంకు పెన్నుతో రాసి వెనక్కి తిప్పితే ఇంకు దిగుతోందో లేదో కూడా తెలిసిపోతుంది.

ఈ పరీక్ష తర్వాతే మెయిల్ రాయాలి అనడానికి చట్టపరమైన కారణం కూడా ఉంది. సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర కొన్న సరుకుకు 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం వర్తిస్తుంది. సరుకులో లోపం ఉంటే అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే సరుకును అంగీకరించినట్లే. మన ఉదాహరణలో ఆ గడువు మే 29తో అయిపోతుంది. ఈలోపే "అంతా బ్రహ్మాండం" అని రాసి పంపిన షాపు, వారం తర్వాత కాగితం పలచగా ఉందంటే ఎవరు వింటారు?

ముందే వచ్చిన సరుకుతో బిల్లు గడువు కూడా ముందుకు జరుగుతుంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా ఆ చట్టం ప్రకారం 45 రోజులకు మించి డబ్బు ఆపకూడదు. మే 25న వచ్చి ఉంటే జూలై 9 దాకా సమయం ఉండేది. మే 14న వచ్చింది కాబట్టి జూన్ 28కే కట్టేయాలి. దాటితే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీతో. షాపు చేతికి డబ్బు ఆడేది బడులు తెరిచాక కాబట్టి ఈ పదకొండు రోజుల తేడా చిన్నదేం కాదు. అయినా మెయిల్‌లో ఏం రాయాలో తేల్చేది ఇదే. ఒక యూనిట్ ఓనర్ ఎవరిని ముందు గుర్తుపెట్టుకుంటారంటే, పొగిడిన వాళ్లను కాదు, డబ్బు ఏ రోజు వస్తుందో చెప్పి ఆ రోజు వేసిన వాళ్లను. పేపర్‌కు ఆయన కట్టాల్సిన డబ్బు అందులోంచే వెళ్లాలి మరి.

ఇవన్నీ చూసుకున్నాక మెయిల్ ఇలా ఉండొచ్చు:

"విషయం: 20,000 లాంగ్ నోట్‌బుక్స్ – మే 25 సరుకు మే 14న అందింది

నమస్కారం అండీ. లోడు మే 14న దిగింది. పది కట్టల్లో ఆకులు, బరువు చూశాం, ఆర్డర్‌లో రాసుకున్నట్టే ఉన్నాయి. పదకొండు రోజులు ముందు రావడంతో చుట్టుపక్కల ఊళ్ల షాపులకు మే నెలలోనే సరుకు పంపగలుగుతున్నాం. ఇందుకోసం పనిచేసిన రూలింగ్, బైండింగ్ సెక్షన్ల వాళ్లకు, లోడింగ్ చూసిన మీ సూపర్‌వైజర్ గారికి మా తరఫున థాంక్స్ చెప్పండి. సగం డబ్బు ఈ నెల 31న, మిగతాది జూన్ 20న వేస్తాం.

ఈసారి ఇంత త్వరగా ఎలా కుదిరిందో చెప్పగలరా? వచ్చే సీజన్‌కు మాకు ఇదే సైజు 20,000 నుంచి 22,000 దాకా కావాలి. జనవరిలో 25 శాతం అడ్వాన్స్ ఇచ్చి, ఫిబ్రవరి 15 లోపు అట్ట డిజైన్ ఖరారు చేస్తే, ఏప్రిల్ రెండో వారం మా పనికి కేటాయించగలరా? సరుకు మే 10 నుంచి 20 మధ్య వస్తే మాకు అనుకూలం."

ఇందులో ప్రయారిటీ అన్న మాటే లేదు. ప్రయారిటీ ఇవ్వండి అంటే ఎవరైనా "తప్పకుండా అండీ" అనేస్తారు, ఆ మాటకు వాళ్లను ఎవరూ కట్టిపడేయలేరు. ఏప్రిల్ రెండో వారం ఇస్తారా అంటే మాత్రం డైరీ తెరిచి చూసుకుని అవుననో కాదనో చెప్పాలి. సరుకు రావాల్సిన తేదీలకు రెండు చివరలా హద్దు పెట్టడం కూడా కావాలనే. వట్టిగా "ముందే పంపినందుకు సంతోషం" అని వదిలేస్తే, వచ్చే ఏడు లోడు ఏప్రిల్‌లోనే దిగి గోడౌన్ నిండిపోవచ్చు, బిల్లు గడువు ఇంకా ముందుకు రావచ్చు.

ఎలా కుదిరిందన్న ప్రశ్న మర్యాద కోసం పెట్టింది కాదు. వేరే ఆర్డర్ ఆగిపోవడం వల్ల అని జవాబొస్తే, అది మనకు కలిసొచ్చిన అదృష్టం, వచ్చే ఏడాది దాని మీద ఆశ పెట్టుకోకూడదు. ఆదివారాలు పనిచేశామంటే దానికో ఖర్చు ఉంది, దాన్ని రేటులో కలిపి మాట్లాడుకోవచ్చు.

ఇదే మెయిల్‌లో డిస్కౌంట్ అడగడం మాత్రం నాకు అస్సలు నచ్చదు. థాంక్స్ మొత్తం బేరానికి ముందుమాటలా మారిపోతుంది. "మీరు లేకపోతే మా షాపు మూతపడేది" తరహా మాటలు కూడా వద్దు. అవతలి వాళ్లూ వ్యాపారస్తులే, రేటు పెంచడానికి అంతకంటే మంచి కబురు వాళ్లకు దొరకదు.

అడ్వాన్స్ మాటకొస్తే చాలామంది వెనకాడతారు. లెక్క వేసి చూద్దాం. పుస్తకం 40 రూపాయలనుకుంటే మొత్తం ఆర్డర్ 8 లక్షలు, అడ్వాన్స్ 2 లక్షలు. జనవరి నుంచి మే దాకా నాలుగు నెలలకు 12 శాతం వడ్డీ చొప్పున 8,000 రూపాయలు, అంటే పుస్తకానికి 40 పైసలు. బడులు తెరిచే వారంలో సరుకు లేక పక్క షాపుకు వెళ్లిపోయే కస్టమర్లను ఈ 40 పైసల పక్కన పెట్టి చూసుకోవాలి. అదీ కుదరని షాపుకు ఇంకో దారి ఉంది. బడుల సీజన్ అయిపోయాక ఇలాంటి యూనిట్లకు పని పలచబడుతుంది. ఎలాగూ కావాల్సిన అర్ధసంవత్సరం సరుకును, అది 3,000 పుస్తకాలే అయినా, ఆగస్టులో మెషీన్లు ఖాళీగా ఉన్నప్పుడు ఆర్డర్ ఇస్తే ఏప్రిల్ వారం అడగడానికి నోరు వస్తుంది.