ముసుగు తీసి మాట్లాడండి

నగలు కుదువపెట్టుకుని అప్పులిచ్చే ఒక సంస్థతో జరిగిన వాట్సాప్ సంభాషణను అనంతపురం జిల్లా పాఠకుడొకరు మాకు పంపారు. అవతలి వైపు ఒక ఆడపిల్ల పేరు, 'కస్టమర్ సర్వీస్' అనే హోదా, నవ్వుతున్న ఫొటో ఉన్నాయి. రైతు అడిగింది ఒక్కటే. వేరుశనగ అమ్మిన డబ్బు చేతికి రావడానికి ఇంకో 20 రోజులు పడుతుంది, అంతవరకు గాజులు వేలానికి పెట్టకుండా ఆపుతారా అని. 'తప్పకుండా సార్, నేను చూసుకుంటాను' అని క్షణంలో జవాబు వచ్చింది. ఆ తర్వాత వేలం నోటీసు కూడా వచ్చింది. బ్రాంచికి పోయి అడిగితే, అది కంప్యూటర్ ఇచ్చిన జవాబు, దానితో మాకు సంబంధం లేదన్నారు. నమ్మించేటప్పుడు మనిషి, నిలదీసినప్పుడు యంత్రం. ఈ రెండు నాల్కల వ్యవహారాన్ని ఇక్కడే ఆపకపోతే రేపు ఆసుపత్రి, ఎల్లుండి విత్తనాల కంపెనీ ఇదే దారి పడతాయి.

రాత్రి 10 గంటలకు కూడా ఖాతాదారుకు జవాబు దొరుకుతోందని, యంత్రమని చెబితే జనం మాట్లాడకుండా వెళ్లిపోతారని సంస్థలు అంటాయి. మొదటి మాట నిజమే. రెండో మాట మాత్రం వాళ్ల నేరాన్ని వాళ్లే ఒప్పుకోవడం. తెలిస్తే వెళ్లిపోతారని తెలిసీ దాస్తున్నారంటే, ఆ దాపరికం మీదే వ్యాపారం నడుస్తోందని అర్థం.

'యంత్రం చెప్పింది, మాకేం సంబంధం' అనే వాదన కొత్తదేమీ కాదు. దగ్గరి బంధువు చనిపోతే ప్రయాణానికి రాయితీ కోసం ఎయిర్ కెనడా విమాన సంస్థ వెబ్‌సైట్‌లో జవాబులిచ్చే చాట్‌బాట్‌ను అడిగిన వ్యక్తికి, టికెట్ కొన్నాక కూడా దరఖాస్తు చేసుకోవచ్చని అది తప్పు సమాధానమిచ్చింది. చాట్‌బాట్ చర్యలకు చాట్‌బాటే బాధ్యురాలన్నట్టు ఆ సంస్థ వాదించింది. 2024 ఫిబ్రవరిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ ఆ వాదనను కొట్టేసి, వెబ్‌సైట్‌లో ఉన్న ప్రతి మాటకూ సంస్థదే బాధ్యత అని పరిహారం కట్టించింది. అక్కడ కనీసం అది చాట్‌బాట్ అని కనిపిస్తూనే ఉంది. మన దగ్గర దానికి పేరు, ఫొటో పెట్టి ఉద్యోగిని చేశారు. ఐరోపా యూనియన్ కృత్రిమ మేధ చట్టం 50వ అధికరణం ప్రకారం, చూడగానే తెలిసిపోయే సందర్భాల్లో తప్ప, మాట్లాడుతున్నది యంత్రమని ముందే చెప్పాలి. మన దేశంలో చాట్‌బాట్లకు అంత సూటిగా చెప్పే చట్టం లేదు. ఆ సందులోనే ఈ ముసుగు నడుస్తోంది.

ఇక ఆ సంభాషణలో రైతు ఏమేం ఇచ్చాడో చూడండి. ఆధార్ కార్డు రెండు వైపులా ఫొటో తీసి పంపాడు. భార్య ఆపరేషన్ ఖర్చు గురించి వాయిస్ మెసేజ్‌లో చెప్పుకున్నాడు. ఇంకో చోట ఎంత అప్పుందో కూడా చెప్పాడు. ఎదుట ఆడపిల్ల ఉందనుకుని, మనసు కరుగుతుందని చెప్పుకున్న మాటలవి. వీటిని దాచుకుంటామని గానీ, ఎన్నాళ్లు దాస్తామని గానీ, ఎవరు చూస్తారని గానీ ఒక్క ముక్క చెప్పలేదు. అంతా అయ్యాక చివర్లో ఇంగ్లిష్‌లో ఒక లింకు, దాని కింద 'I Agree' బటన్ వచ్చాయి. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి ఇచ్చింది అయి ఉండాలి. ఎవరితో మాట్లాడుతున్నాడో తెలియని మనిషి, అన్నీ ఇచ్చేశాక నొక్కిన బటన్ ఏ లెక్కన సమ్మతి అవుతుంది?

ఆ ఆధార్ ఫొటో ఎక్కడెక్కడికి పోతుందో కూడా చెప్పాలి. వాట్సాప్‌లో మెసేజ్‌లకు తాళం వేసే ఎన్‌క్రిప్షన్ ఉంది కాబట్టి భద్రమే అనుకుంటారు చాలామంది. సంస్థ వైపు చేరాక ఆ తాళం తెరుచుకుంటుంది. అక్కడి నుంచి మెసేజ్‌లు పంపే మధ్యవర్తి కంపెనీ సర్వర్‌కు, జవాబు తయారుచేసే మోడల్ నడిపే కంపెనీకి, సంస్థ సొంత ఖాతాదారుల రికార్డులోకి, జవాబుల నాణ్యత చూసే సిబ్బంది తెర మీదికి ఆ సమాచారం ప్రయాణించవచ్చు. ప్రతి మజిలీలో ఒక ప్రతి మిగిలే వీలుంది, బ్యాకప్‌లు వేరే. మీ ఫోన్‌లో చాట్ చెరిపేస్తే మీ దగ్గరి ప్రతి ఒక్కటే పోతుంది. ఆ సంభాషణలతో మోడల్‌కు శిక్షణ ఇస్తే, తర్వాత ఒక మనిషి మాటలను మాత్రమే అందులోంచి వెనక్కి తీయడం దాదాపు అసాధ్యం. అందుకే శిక్షణకు వాడుకోవడానికి విడిగా అనుమతి అడగాలి, వద్దన్నా సేవ ఆగకూడదు.

ఆధార్ నంబర్లను చెరిపే ఫిల్టర్ పెట్టామని సంస్థలు చెప్పుకుంటాయి. అది మామూలుగా వరసగా ఉన్న 12 అంకెలను వెతుకుతుంది. నంబర్ ఫొటోలో ఉంటే దానికి కనబడదు. వాయిస్ మెసేజ్‌లో చదివి వినిపిస్తే, అంకెలు మాటలుగా మారి తప్పించుకుంటాయి. మన జిల్లాల్లో ఎక్కువమంది పంపేది ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లే. అంటే ఎవరికి రక్షణ ఎక్కువ కావాలో వాళ్ల దగ్గరే ఆ ఫిల్టర్ ఓడిపోతుంది. అవసరం లేనప్పుడు ఆధార్ ఫొటో అడగకుండా ఉండటమే దీనికి అసలైన మందు. గడువు గురించి అడిగే మనిషికి లోన్ నంబర్ చాలు.

'నువ్వు మనిషివేనా' అన్న ప్రశ్నకు నిజం చెప్పించడమూ ఇలాగే విఫలమవుతుంది. ఆ జవాబును మోడల్‌కు వదిలేయకూడదు. ప్రశ్న మోడల్‌ను చేరకముందే పట్టుకుని, ముందే రాసిపెట్టిన నిజాన్ని పంపాలి. కానీ పట్టుకునే పదాల జాబితా హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఇంగ్లిష్‌లో రాస్తారు. కడపలో ఒక పెద్దాయన 'యాడ నుంచి మాట్లాడతాండావు మా, మనిసివేనా?' అంటే ఆ జాబితా దాన్ని గుర్తించదు. మోడల్ మర్యాదగా 'అవునండి, చెప్పండి' అనేస్తుంది. రాయలసీమ మాటతీరులో, తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేసే తీరులో పరీక్షించని చాట్‌బాట్‌ను ఇక్కడి జనం మీదికి వదలడమే తప్పు.

సరిగా చెప్పడానికి ఎంత పడుతుంది? మొదటి జవాబుగా ఈ నాలుగు మాటలు పంపితే చాలు: 'ఇది కంప్యూటర్ ఇచ్చే జవాబు, మనిషి కాదు. గడువు, వేలం, వడ్డీ గురించి మాట ఇచ్చే అధికారం దీనికి లేదు, వాటికి బ్రాంచి సిబ్బందే చెప్పాలి. మీరు పంపే మెసేజ్‌లు మీ ప్రశ్నకు జవాబు ఇవ్వడానికే వాడతాం, ఇన్నాళ్లు దాస్తాం. వద్దనుకుంటే ఎప్పుడైనా ఆపు అని రాయండి.' కింద రెండు బటన్లు: 'ఒప్పుకుంటున్నా', 'మనిషి కావాలి'. ఈ మెసేజ్ కంటే ముందు ఏ వివరమూ అడగకూడదు. వాట్సాప్ బటన్ మీద 20 అక్షరాలే పడతాయి, తెలుగులో గుణింతాలు, వత్తులు కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి. 'నేను అంగీకరిస్తున్నాను' పట్టదు కాబట్టి ఇంగ్లిష్ పెట్టామనడం సాకు. 'ఒప్పుకుంటున్నా' హాయిగా పడుతుంది. ఇక చదవలేనివారికి ఇదే మాట ఆడియోగా పోవాలి. చదువురాని ఖాతాదారుకు ముఖ్యమైన షరతులను సాక్షి ఎదుట వివరించాలని బంగారం రుణాలపై రిజర్వ్ బ్యాంక్ 2025 ఆదేశాలు చెబుతున్నాయి. అంత జాగ్రత్త కోరే వ్యవహారంలో ముక్కూమొహం లేని యంత్రం గడువుల మీద మాటలివ్వడం ఏమిటి?

ఒకసారి చెప్పి చేతులు దులుపుకుంటే కూడా కుదరదు. వారం తర్వాత మళ్లీ రాసేసరికి ఆ మెసేజ్ ఎక్కడో పైకి పోయి ఉంటుంది. ఖాతాదారు చివరి మెసేజ్ నుంచి 24 గంటలు దాటితే సంస్థ స్వేచ్ఛగా రాసే వీలు వాట్సాప్‌లో ఎటూ ఆగిపోతుంది. సంభాషణ మళ్లీ తెరుచుకున్న ప్రతిసారీ అది యంత్రమని మళ్లీ చెప్పడానికి అదే తగిన చోటు. మధ్యలో సిబ్బంది అందుకుంటే, ఇప్పటి నుంచి మాట్లాడేది మనిషి అని కూడా రాయాలి.

దాచే కాలం విషయంలో మరో అబద్ధం నడుస్తోంది. 'మీరు కోరగానే అంతా చెరిపేస్తాం' అనే సంస్థను కూడా నమ్మకండి. మనీలాండరింగ్ నిరోధక చట్టం కింద గుర్తింపు పత్రాలను ఖాతా ముగిశాక కూడా 5 ఏళ్లు ఉంచాలి. 2025 డేటా నిబంధనలు కొన్ని లాగ్‌లను కనీసం ఏడాది ఉంచమంటున్నాయి. కాబట్టి ఏది చెరుపుతారు, ఏది చెరపరు, ఏ చట్టం వల్ల అన్నది విడివిడిగా రాయడమే నిజాయతీ. భార్య ఆపరేషన్ గురించి చెప్పిన వాయిస్ మెసేజ్‌ను గుర్తింపు పత్రాల చాటున 5 ఏళ్లు అట్టిపెట్టమని మాత్రం ఏ చట్టమూ చెప్పలేదు.

డేటా పరిరక్షణ చట్టంలోని నోటీసు, సమ్మతి బాధ్యతలు పూర్తిగా అమల్లోకి రావడానికి 2027 మే వరకు గడువుందని సంస్థల ధీమా. 2025 నవంబరులో నిబంధనలు నోటిఫై చేసినప్పుడు 18 నెలల వ్యవధి ఇచ్చిన మాట వాస్తవం. మాకు అసలు భయం ఇక్కడే. చట్టం అమలుకు ముందే సమ్మతి తీసుకుని ఉంటే, తర్వాత వీలైనంత త్వరగా నోటీసు ఇచ్చి, ఆ మనిషి ఉపసంహరించుకునే దాకా ఆ డేటాను వాడుకోవచ్చని 5వ సెక్షన్ అనుమతిస్తోంది. అంటే నేడు ముసుగు వేసుకుని నొక్కించుకున్న బటన్లను రేపు చట్టబద్ధమైన సమ్మతిగా చూపించే దారి తెరిచి ఉంది. 'లింకు పంపాం, ఆయన ఆపమనలేదు' అంటారు. యంత్రాన్ని మనిషిగా చూపించి తీసుకున్న సమ్మతి ఆ సెక్షన్ కింద చెల్లదని కేంద్రం, డేటా పరిరక్షణ బోర్డు ఇప్పుడే తేల్చిచెప్పాలి.

ఖాతాదారులు చేయాల్సింది కూడా ఉంది. చాట్‌ను చెరపకుండా, వాట్సాప్‌లో 'Export chat' నొక్కి దాచుకోండి. ఇచ్చిన మాట తప్పితే ముందు సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఆ చాట్‌ను జతచేసి పంపండి. సందేహాలుంటే 14448కు ఫోన్ చేయవచ్చు.

ఆడపిల్ల పేరు, ఫొటో తీసేయడానికి ఏ గడువూ అక్కర్లేదు, ఏ చట్టమూ రానక్కర్లేదు. ఈ మధ్యాహ్నమే సెట్టింగ్స్‌లోకి పోయి మార్చగలిగిన పని అది. కర్నూలు, అనంతపురం, కడపల్లో బోర్డులు పెట్టుకుని మన ఆడవాళ్ల మెడలోని బంగారం మీద వడ్డీ తింటున్న సంస్థలు ఆ పాటి పని కూడా చేయకపోతే, తెలియక చేశామని మాత్రం రేపు మా ఎదుట అనకండి. తెలిసే చేస్తున్నారు.