‘నసీబ్‌లో లేదు భాయ్’ అనే సాకుగారికి

అయ్యా సాకుగారూ, అస్సలాము అలైకుం. నిన్న చాంద్‌రాత్, టైలర్ షాపులో మధ్యాహ్నం నుంచి కూర్చోబెట్టి మరీ మీ దర్శనం చేయించారు, చాలా సంతోషం. రంజాన్ మొదట్లోనే షేర్వానీకి బట్ట, అడ్వాన్స్ తీసుకుని "పక్కా భాయ్" అన్న పెద్దమనిషి, కత్తెర కూడా పడని బట్టని మడతపెట్టి చేతికిచ్చి "క్యా కరే, నసీబ్ మే నై థా" అని పైకి చూశాడు. పైన ఫ్యాన్ తిరుగుతోంది.

మీరు చాలా బిజీ అని తెలుసు. హెల్మెట్ పెట్టుకోనోడికి మీరే, సప్లీ తగిలినోడికి మీరే. లాభం వచ్చినప్పుడు మాత్రం కనపడరేంటో, అప్పుడు "నా కష్టం" అంటారు మీవాళ్ళు.

తఖ్దీర్‌ని, అంటే అల్లా ముందే రాసిన రాతని నమ్మడం ఈమాన్‌లో, మా విశ్వాసంలో భాగమే, దాంతో నాకు గొడవ లేదు. గొడవంతా మీతోనే. ఖలీఫా ఉమర్ (రజి) షామ్‌కి, అంటే సిరియా వైపుకి వెళ్తూ సర్గ్ అనే చోటు దాకా వచ్చాక ముందు ప్లేగు ఉందని కబురొచ్చింది. అందరినీ సలహా అడిగి వెనక్కి పోదాం అన్నారు. అక్కడి సేనాని అబూ ఉబైదా (రజి) "అల్లా తఖ్దీర్ నుంచి పారిపోతారా?" అంటే "అవును, అల్లా తఖ్దీర్ నుంచి అల్లా తఖ్దీర్‌కే" అన్నారాయన. ఒంటెల్ని పచ్చటి వైపు మేపినా ఎండిన వైపు మేపినా తఖ్దీరే కదా అని కూడా అడిగారు. ఎటు తోలాలో చూసుకోవాల్సింది మాత్రం కాపరే.

అంతెందుకు, అల్లా తలచుకుంటే మేం షిర్క్ చేసేవాళ్ళమే, అంటే ఆయనకి సాటి కల్పించేవాళ్ళమే కాదు అని ముష్రిక్కులు మిమ్మల్నే వాడబోతారని అన్‌ఆమ్ సూరా 148వ ఆయత్‌లో ఉంది, మీకు తెలిసింది ఏదైనా ఉంటే తీసుకురండి అని జవాబు కూడా అక్కడే ఉంది. సరే, ఈ టైలర్ అందరి రాతలూ ఉండే లౌహె మహ్‌ఫూజ్‌లో నా షేర్వానీ లేదని చదివొచ్చి కత్తెర పక్కన పెట్టాడా? చాయ్ తాగుతూ పెట్టాడు! అల్లాకి ముందే తెలుసు, నిజమే, కానీ ఈయనకి తెలీదు కదా, తెలియని రాత ఈయన చెయ్యి ఎట్లా పట్టుకుని ఆపింది?

ఇస్లాం మతతత్వంలో అష్అరీ అనే సంప్రదాయం పండితులు దీని మీదే బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. పనిని సృష్టించేది అల్లా, దాన్ని ‘కస్బ్’ చేసేది, అంటే సంపాదించుకునేది మనిషి అన్నారు. చలిజ్వరంతో వణికే చెయ్యి వేరు, కావాలని కదిపే చెయ్యి వేరు, ఆ తేడా ఎవడికి వాడికే తెలుస్తుంది, లెక్క అడిగేది రెండోదానికే అని వాళ్ళ మాట. కస్బ్ సరిగ్గా అర్థం కాదని ఎగతాళి చేసినవాళ్ళూ ఉన్నారు, నాకూ పూర్తిగా ఎక్కలేదనుకోండి. అయినా ఈయన చెయ్యి వణకలేదని మాత్రం ఎదురుగా కూర్చుని చూశాను, అడ్వాన్స్ నోట్లు లెక్కపెట్టినప్పుడు కూడా వణకలేదు.

సహీహ్ ముస్లిం అనే గ్రంథంలో ప్రవక్త మాట, హదీసు ఒకటుంది, ముందు నీకు మేలు చేసేదాని కోసం కష్టపడు, అల్లా సాయం అడుగు, చేతులెత్తెయ్యకు అంటుంది, ఆ తర్వాతే, ఏదైనా జరిగితే "అట్లా చేసుంటేనా" అనకు, అల్లా రాసింది జరిగింది అను అంటుంది. మీరు మొదటి సగం మింగేసి రెండోది అమ్ముకుంటున్నారు సిగ్గులేకుండా. మా నాన్న జనాజా రోజు ఆ రెండో సగమే నన్ను నిలబెట్టింది, అందుకే ఈ మంట.