జ్ఞానదంతం తీయాలా? ముందు దాని పక్క పన్నును చూడండి

జూన్ చివరి నుంచి మా క్లినిక్‌లో ఒక రకం పేషెంట్లు ఎక్కువవుతారు. వీసా వచ్చేసి ఉంటుంది, ఆగస్టులో ఫ్లైట్, ఎమ్మెస్ సీటు అమెరికాలో ఎక్కడో. వెంట అమ్మో నాన్నో ఉంటారు. అడిగేది ఒకటే: "డాక్టర్ గారూ, అక్కడ పంటికి చూపించుకోవాలంటే ఆస్తులు అమ్ముకోవాలట. ఆ జ్ఞానదంతాలేవో ఇక్కడే తీసి పంపించండి." భయం అబద్ధమేమీ కాదు. అక్కడ చాలామంది విద్యార్థుల ఇన్సూరెన్స్‌లో పళ్ళ వైద్యం ఉండదు. అయితే భయపడ్డామని నాలుగు పళ్ళూ తీసేయడం వైద్యం కాదు.

నిరుడు వచ్చిన ఒక అబ్బాయి సంగతి చెబుతాను. వయసు 23. ఎడమవైపు కింది దవడ చివర ఏడాదిలో రెండుసార్లు వాచింది. మొదటిసారి మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కున్నాడు. రెండోసారి నోరు రెండు వేళ్ళ మందం కూడా తెరుచుకోలేదు. ప్రయాణానికి ఇంకా ఆరు వారాలుంది. వేరేచోట తీయించిన ఓపీజీ తెచ్చాడు. "పన్ను వంకరగా ఉంది, తీయాల్సిందే" అని అక్కడ చెప్పారట.

ఓపీజీ అంటే గడ్డం ఒక స్టాండు మీద ఆనించి నిలబడితే, మిషను తల చుట్టూ పదిహేను సెకన్లపాటు తిరిగి తీసే ఎక్స్‌రే. గుర్రపు లాడంలా వంగి ఉండే దవడను విప్పి, చాపలా పరిచినట్టు చూపిస్తుంది. మీ కుడి దవడ ఫిల్మ్‌లో ఎడమ పక్కన కనిపిస్తుంది. ఎదురుగా నిలబడిన మనిషిని చూస్తున్నట్టే అనుకోండి. బొమ్మ అసలు సైజు కంటే సుమారు ఇరవై, ముప్పై శాతం పెద్దదిగా వస్తుంది కాబట్టి దాని మీద స్కేలు పెట్టి మిల్లీమీటర్లు కొలిస్తే తప్పుతుంది. ఇంకో పెద్ద లోటు, లోతు తెలియకపోవడం. ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు వస్తువులు ఇందులో ఒకదాని మీద ఒకటి ఉన్నట్టే కనిపిస్తాయి. కింది దవడ ఎముక లోపల పోయే నరం దగ్గరకు వచ్చేసరికి చిక్కంతా ఇక్కడే.

ముందు వంకర సంగతి. జ్ఞానదంతం నిలువు గీతను, దాని ముందున్న దవడ పన్ను నిలువు గీతతో పోల్చి కోణం చెబుతాం. కింది దవడలో ఎక్కువగా కనిపించేది ముందుకు వాలిన పన్ను. ముందు పన్ను నడుం మీద తల ఆనించి నిద్రపోతున్నట్టు ఉంటుంది. కొన్ని నిటారుగానే ఉండి ఎముకలో ఆగిపోతాయి, కొన్ని పూర్తిగా అడ్డంగా పడుకుంటాయి, కొద్ది పళ్ళు మాత్రం వెనక్కి వాలుతాయి. ఆ వెనక్కి వాలినది ఫిల్మ్‌లో అమాయకంగానే కనిపిస్తుంది. తీయడానికి కూర్చుంటే మాత్రం చెమటలు పట్టిస్తుంది, ఎందుకంటే అది బయటికి రావాల్సిన దారిలో దవడ ఎముక నిలువు భాగం అడ్డంగా ఉంటుంది. కోణం ఎక్కువగా చెప్పేది తీయడం ఎంత కష్టమో. తీయాలా వద్దా అన్నది అది ఒక్కటే తేల్చలేదు.

అబ్బాయి ఫిల్మ్‌లో ఎడమ పన్ను దాదాపు 45 డిగ్రీలు ముందుకు వాలి ఉంది. సగం చిగురు పైకి వచ్చింది, సగం లోపలే ఉండిపోయింది. కుడి పన్ను నిటారుగా, ఎముకలో లోతుగా, ఏ అలికిడీ లేకుండా ఉంది. ఇంట్లో వాళ్ళ దృష్టిలో రెండూ "రాని పళ్ళే". నాకు మాత్రం ఈ రెంటికీ పోలికే లేదు.

సగం బయటపడిన పన్ను మీద చిగురు మూతలా మిగులుతుంది. ఆ మూత కింద అన్నం మెతుకులు ఇరుక్కుంటాయి. బ్రష్ అక్కడిదాకా పోదు. పై పన్ను ఆ వాపు మీదే కొరుకుతుంది. ఇదే పెరికొరొనైటిస్. దీనికి ముందు చేయాల్సింది ఆ మూత కింద కడిగి శుభ్రం చేయడం. జ్వరం, దవడ బిగుసుకోవడం, వాపు మెడవైపు దిగడం ఉంటే యాంటీబయాటిక్ కావాలి. మాత్రలతో నొప్పి తగ్గుతుంది కానీ మూత అక్కడే ఉంటుంది కాబట్టి మళ్ళీ వస్తుంది. ఒకసారి తేలిగ్గా వచ్చి పోతే వేచి చూడొచ్చు. రెండోసారి వస్తే, అదీ నోరు బిగుసుకునేంతగా వస్తే, తీయడానికి అది సరైన కారణమే.

దీనికన్నా నాకు ముఖ్యమనిపించేది జ్ఞానదంతానికి ముందున్న దవడ పన్ను. వాలిన జ్ఞానదంతం తల సరిగ్గా ముందు పన్ను మెడ దగ్గర ఆనుతుంది. పన్ను మీద ఎనామిల్ పూత అక్కడితో ఆగిపోతుంది. అలాంటి చోట ఏళ్ళ తరబడి మెతుకులు నిలిస్తే పుచ్చు పడుతుంది, పైనుంచి చూస్తే కనిపించదు. నొప్పి మొదలయ్యేసరికి ముందు పన్నుకు రూట్ కెనాల్ దాకా వెళ్తుంది. కొన్నిసార్లు ఆ పన్ను కూడా పోతుంది. నమలడానికి పనికిరాని పన్నును కాపాడబోయి, పనికొచ్చే పన్నును పోగొట్టుకున్నట్టు అవుతుంది. ఓపీజీలో ఆ చోట రెండు పళ్ళూ ఒకదాని మీద ఒకటి పడతాయి. పైగా పంటి మెడ దగ్గర ఎక్స్‌రే తేలిగ్గా దాటిపోయి, పుచ్చు లేకపోయినా నల్లటి నీడ పడుతుంటుంది. అందుకే అనుమానం వస్తే అక్కడ నోట్లో పెట్టి తీసే చిన్న ఎక్స్‌రే తీస్తాను. ఈ అబ్బాయికి తీస్తే ముందు పన్ను వెనక గోడలో చిన్న పుచ్చు స్పష్టంగా కనిపించింది. లోపలి నరం దాకా ఇంకా పోలేదు.

బ్రిటన్ అనుభవం ఇక్కడ చెప్పుకోవాలి. అక్కడి ప్రభుత్వ వైద్యానికి మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2000లో జబ్బు లేని జ్ఞానదంతాలను ముందుజాగ్రత్త పేరుతో తీయడం ఆపమంది. అనవసరపు ఆపరేషన్లు చాలా తగ్గాయి. అయితే తర్వాతి ఏళ్ళలో తీయించుకునేవాళ్ళ సగటు వయసు పెరిగింది, ముందు పన్నులో పుచ్చు పడి వచ్చేవాళ్ళూ పెరిగారు. వయసు పెరిగితే ఎముక గట్టిపడుతుంది, మానడం ఆలస్యమవుతుంది. అమెరికాలో చాలామంది సర్జన్లు కుర్రవయసులోనే తీయించుకోమంటారు. నా మటుకు నాకు నైస్ మాట సూత్రంగా సరైనదే అనిపిస్తుంది. కాకపోతే ముందుకు వాలి, సగం బయటపడి, పక్క పన్ను మెడను తాకుతున్న పన్నును "జబ్బు లేనిది" అనుకుని వదిలేయకూడదు. కనీసం ఏడాదికోసారైనా ఆ సందును చూడాలి. నవ్వితే కనిపించే ముందు పళ్ళు వంకర కాకుండా ఉండటానికి జ్ఞానదంతం తీయించమనే మాట మన దగ్గర ఇంకా వినిపిస్తుంది. దానికి గట్టి ఆధారం లేదు.

తీయాలని తేలింది సరే, ఎలా తీయాలన్నది నరం చెబుతుంది. కింది దవడ ఎముక లోపల ఒక గొట్టంలో నరం పోతుంది. కింది పెదవికి, గడ్డానికి, కింది పళ్ళకు స్పర్శ ఇచ్చేది అదే. దెబ్బ తగిలితే పెదవి వంకరపోదు, ఎందుకంటే కదలిక వేరే నరం పని. ఇంజెక్షన్ మత్తు ఇంకా దిగనట్టు మొద్దుగా ఉంటుంది, టీ కారి గడ్డం మీద పడినా తెలియదు, గడ్డం గీసుకుంటుంటే ఏదో పరాయి చర్మం గీస్తున్నట్టుంటుంది. జ్ఞానదంతాలు తీయించుకున్న వందమందిలో కొద్దిమందికి కొన్ని వారాలో నెలలో ఇలా ఉండి పోతుంది. శాశ్వతంగా మిగిలేది మొత్తం మీద నూటికి ఒకరి కన్నా తక్కువ. పంటి వేరు ఆ నరానికి ఆనుకుని ఉంటే ఈ లెక్క పెరుగుతుంది.

ఓపీజీలో ఆ గొట్టం రెండు తెల్లని గీతల మధ్య నల్లటి పట్టీలా కనిపిస్తుంది. వేరు దాని మీద పడినంత మాత్రాన తాకినట్టు కాదు, ఒకటి వెనక ఒకటి ఉండొచ్చు. ఏ గుర్తులు ప్రమాదాన్ని చెబుతాయో రూడ్, షెహాబ్ అనే ఇద్దరు 1990లో రాశారు. నేటికీ వాటినే చూస్తాం. మూడు ముఖ్యం: గొట్టం దాటేచోట వేరు నల్లబడటం, గొట్టం తెల్ల గీత అక్కడ చెరిగిపోవడం, గొట్టం తన దారి మార్చుకుని వంగడం. వేరు నల్లబడటానికి కారణం, నరం గొట్టం వేరులోకి గాడి కోసుకుపోవడం. అక్కడ పన్ను పలచబడితే ఎక్స్‌రే ఎక్కువ దాటుతుంది. అయితే నాలుక వైపు ఎముక పలచగా ఉన్నా ఇలాగే నల్లబడొచ్చు. ఓపీజీ అనుమానం చెబుతుంది, తీర్పు చెప్పదు.

అబ్బాయి ఎడమ పన్నుకు వేరు నల్లబడింది, తెల్ల గీత కూడా చెరిగింది. అందుకే సీబీసీటీ, అంటే దవడకు తీసే త్రీడీ స్కాన్, రాశాను. ప్రతివాళ్ళకూ ఇది రాయడం నాకు ఇష్టం లేదు. రేడియేషన్ ఓపీజీ కన్నా ఎక్కువ. పైగా స్కాన్ తీసినందువల్ల నరం దెబ్బతినడం తగ్గిందని పరిశోధనల్లో స్పష్టంగా తేలలేదు. దాన్ని చూసి మన నిర్ణయం మారేలా ఉంటేనే ఆ ఖర్చుకు అర్థం. ఇక్కడ మారింది. గొట్టం వేరుకు నాలుక వైపున ఉంది, మధ్యలో ఎముక లేదు, వేరు మీద గాడి ఉంది. పన్నును మొత్తం లాగితే వేరు నరాన్ని రాసుకుంటూ పైకి వస్తుంది.

అలాంటప్పుడు కొరొనెక్టమీ ఒక దారి. పంటి తలను కోసి తీసేసి, ఎనామిల్ ఏమీ మిగలకుండా, పంటి వేళ్ళను ఎముక అంచుకు రెండు మూడు మిల్లీమీటర్లు కిందిదాకా అరగదీసి అక్కడే వదిలేసి చిగురు కుట్టేయడం. జ్ఞానదంతం తన లోపలి నరం దాకా పుచ్చినా, వేళ్ళ చుట్టూ ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఇది చేయకూడదు. కోసేటప్పుడు వేళ్ళు కదిలిపోతే మొత్తం తీసేయక తప్పదు. ఈ మాట ముందే చెప్పి సంతకం తీసుకోవాలి. అబ్బాయి పన్ను గట్టిగానే ఉంది. వాళ్ళ నాన్న మాత్రం ఒప్పుకోలేదు. "సగం లోపల పెట్టి కుట్టేయడమేంటండీ, రేపు అక్కడ చీము పడితే?" న్యాయమైన ప్రశ్నే. కొందరికి తర్వాత రెండో ఆపరేషన్ కావాల్సి వస్తుంది. అయితే మిగిలిన వేళ్ళు మొదటి నెలల్లో మెల్లగా పైకి జరుగుతాయి, కాబట్టి అప్పటికి అవి నరానికి దూరమై ఉంటాయి. కాగితం మీద బొమ్మ గీసి చూపించాక తలూపారు.

వాపు తగ్గనిచ్చి పది రోజులకు చేశాం. పన్ను తల పోగానే ముందు పన్ను వెనక గోడ చేతికి అందింది, కుట్లు విప్పిన వారానికి ఆ పుచ్చుకు ఫిల్లింగ్ పెట్టాను. మర్నాడు దూదితో పెదవి తాకి చూశాను, స్పర్శ మామూలుగానే ఉంది. మూడు నుంచి ఐదో రోజు మధ్య నొప్పి తగ్గకుండా పెరిగి చెవిలోకి పోటు వస్తే ఫోన్ చేయమన్నాను. అది రక్తపు గడ్డ ఊడిపోయి ఎముక బయటపడిన గుర్తు. ఫోన్ రాలేదు. ఎక్స్‌రేలో ఎప్పుడూ కనిపించని నరం ఇంకొకటుంది. నాలుక స్పర్శా రుచీ చూసుకునే ఆ నరం ఈ పంటి లోపలి వైపు చిగురు కిందనే పోతుంది. కాబట్టి నాలుక సంగతి కూడా అడిగి చూశాను.

కుడి పన్ను తీయమని వాళ్ళమ్మ చివరిదాకా అడిగారు. తీయలేదు. అది పూర్తిగా ఎముకలో ఉంది, పక్క పన్నును తాకడం లేదు, దాని చుట్టూ ఉండే నల్లటి అంచు మూడు మిల్లీమీటర్ల లోపే ఉన్నట్టుంది. ఆ అంచు వెడల్పయితే తిత్తి పెరుగుతోందని అనుమానించాలి. పాత ఓపీజీని ఫోన్లో వేసి ఇచ్చాను. డిసెంబరు సెలవులకు వచ్చినప్పుడు కొత్తది తీశాం. ఎడమ వేళ్ళు పైకి జరిగాయి, నరం గొట్టానికీ వాటికీ మధ్య సందు కనిపిస్తోంది. కుడి పన్ను ఉన్నచోటే ఉంది. మళ్ళీ రెండేళ్ళకు చూద్దామన్నాను.